రెండు తలల యూరియా

సూళ్లూరుపేట స్టేషన్లో రైలు కూత వేస్తే కిటికీ అద్దాలు వణికేంత దగ్గర్లో వంద పడకల ట్రస్టు ఆసుపత్రి ఒకటి ఉంది. దాని కింది అంతస్తులో, ఎక్స్‌రే గదికీ మెట్లకీ మధ్య ఇరుక్కుని ల్యాబు. అందులో పెద్ద టెక్నీషియన్ వెంకటశేషమ్మ. ఆమెకు ముప్పై ఏళ్ళ సర్వీసుంది, దానికి తగ్గ నోరూ ఉంది. సూపరింటెండెంట్లు ఏడుగురు మారారు. వాళ్ళలో ఆమె మెచ్చుకున్నవాడు ఒక్కడే. ఆయన వారం రోజులే ఉన్నాడు.

శేషమ్మ తండ్రి పులికాట్ సరస్సులో రొయ్యల వల వేసేవాడు. కూతురికి ఆయన ఇచ్చిన ఆస్తి ఒకే ఒక్క ప్రశ్న: "తలతోనా, తల తీసినాకనా?" రొయ్యల బేరంలో ఎవరు ఎన్ని కిలోలు చెప్పినా ఆ ప్రశ్న అడగకుండా తలూపకూడదని ఆయన నేర్పాడు. తలతో పది కిలోలు వేరు, తల తీసిన పది కిలోలు వేరు. అంకె అదే, సరుకు అది కాదు. ల్యాబులో చేరినప్పటినుంచీ శేషమ్మ ఏ అంకెను చూసినా ముందు ఆ మాటే అడుగుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మిషన్ కక్కిన కాగితం చీటీలు పది తీసి, డాక్టర్ల కంప్యూటర్లో పడిన అంకెలతో పోల్చి చూడటం ఆమెకు అలవాటు. అంతా కంప్యూటరే చేసే కాలంలో ఈ చాదస్తమేమిటని మిగతావాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా వాళ్ళను చూసి నవ్వేది, కాకపోతే కాస్త పెద్దగా.

కంప్యూటర్ వ్యవహారమంతా బెన్హర్ చేతిలో ఉండేది. నలభైకి దగ్గరపడిన మనిషి, నెమ్మదస్తుడు, ఎవరు తిట్టినా 'చూస్తానక్కా' అనేవాడు. ల్యాబు మిషన్ పరీక్ష ముగించిన ఫలితాలను పక్కనున్న కంప్యూటర్లో దించుతుంది. పావుగంటకోసారి బెన్హర్ పెట్టిన ప్రోగ్రాం లేచి, అక్కడ పోగైన ఫలితాలన్నీ ఎత్తుకుని, డాక్టర్లకు అలవాటైన కొలతల్లోకి మార్చి, రక్తం పట్టిన గొట్టం మీద అంటించిన స్టిక్కరు నంబరును బట్టి ఏ రోగి రికార్డులో పడాల్సింది ఆ రికార్డులో పడేస్తుంది. శేషమ్మ దానికి 'పావుగంట బండి' అని పేరు పెట్టింది. పన్నెండింటికి ఒకటి, పన్నెండుంబావుకి ఒకటి. అది తప్పితే తరవాతిది. చెన్నై లోకల్ కంటే నయమని ఆమే ఒప్పుకునేది, అదీ బెన్హర్ లేనప్పుడు.

ఆ బండికి ఒక జబ్బుండేది. మొదట్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది పాత సరుకునే మళ్ళీ మోసుకెళ్ళి, ఒక్కో ఫలితాన్ని రెండేసిసార్లు పడేసేది. డాక్టర్లు కేకలేశారు. బెన్హర్ ఒక కాపలా పెట్టాడు. ఒక నంబరు మీద ఒక పరీక్ష ఫలితం ఒకసారి వెళ్ళిందంటే, అదే నంబరుతో అదే పరీక్ష మళ్ళీ వస్తే డూప్లికేట్ అని కింద వదిలేయమన్నాడు. కేకలు ఆగాయి. కానీ ల్యాబులో అప్పుడప్పుడూ ఫలితం తప్పొస్తుంది. గొట్టంలో బుడగ ఉంటుంది, మిషన్లో పోసే పరీక్ష మందు అయిపోవస్తుంది. అదే రక్తాన్ని మళ్ళీ నడిపి సరైన అంకె పంపాలి. ఆ సరైన అంకెను కూడా కాపలా డూప్లికేట్ అని తోసేసేది.

శేషమ్మ ఎవర్నీ అడగలేదు. అడిగితే అర్జీ పెట్టమంటారు, అర్జీ పెడితే మీటింగు పెడతారు. మళ్ళీ నడిపిన గొట్టం నంబరు చివర 'ఆర్' అని ఒక అక్షరం కొట్టి పంపింది. కాపలా దాన్ని కొత్త నంబరనుకుని పోనిచ్చింది. బండి ఎక్కింది కదా, దిగే ఉంటుందనుకుని మధ్యాహ్నం చీటీల్లో వాటిని పోల్చి చూడనూ లేదు. ఈ కిటుకు ల్యాబులో అందరికీ నేర్పింది. ఎనిమిది నెలల్లో అది ఆచారమైపోయింది. కొత్తగా చేరినవాళ్ళకు బాత్రూం ఎక్కడో చూపించాక చెప్పే రెండో సంగతి అదే.

ఆ గురువారం పొద్దున మిషన్ మొరాయించింది. చెన్నై నుంచి సర్వీసు ఇంజనీరు వచ్చి, మూడు గంటలు దాని పొట్టలో తలపెట్టి, లోపలి బల్బు మార్చి, ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాడు. పన్నెండుకు ముందే చేతులు కడుక్కుని, మళ్ళీ పిలవొద్దన్నట్టు ఒక నమస్కారం పెట్టి రైలెక్కాడు. మిషన్ పెళ్ళికూతురిలా మెరుస్తూ పనిలో దిగింది.

రెండూ నలభైకి శేషమ్మ తన చీటీలు పరుచుకుంది. మూడో చీటీ దగ్గర వేలు ఆగింది. పై అంతస్తులోని ముత్యాలయ్య అనే ఆయన రక్తంలో యూరియా నలభై నాలుగని చీటీ. కంప్యూటర్లో తొంభై నాలుగు. ఇంకోటి తీసింది. ఇరవై ఎనిమిది అరవై అయింది. ఇంకోటి. ముప్పై ఒకటి అరవై ఆరయింది. క్రియాటినిన్, చక్కెర, మిగతావన్నీ బుద్ధిగా ఉన్నాయి. యూరియా ఒక్కటే ప్రతి మనిషిలోనూ రెట్టింపుకు పైన. జిల్లాలో రైతులకు బస్తా దొరక్క బారులు తీరి నిలబడుతుంటే, ఈ ఆసుపత్రిలో మాత్రం యూరియా పొంగిపొర్లుతోందని భానుప్రియ నవ్వింది. భానుప్రియ ల్యాబులో రెండో టెక్నీషియన్, శేషమ్మ ముందు నవ్వగలిగిన ఒకే ఒక్క మనిషి. ఆ రోజు శేషమ్మ నవ్వలేదు. బెన్హర్‌కు ఫోన్ చేసింది.

బెన్హర్ వచ్చి, మిషన్ సెట్టింగులు చూసి, తన మార్పిడి పట్టిక చూసి బుర్ర గోక్కున్నాడు. మిషన్ ఇంతకాలం యూరియా మొత్తం చెప్పేది కాదు, అందులో ఉండే నైట్రోజన్ ఒక్కదాన్నే కొలిచి చెప్పేది. ఇక్కడి డాక్టర్లకు యూరియా మొత్తమే కావాలి కనుక, బండి దాన్ని రెండు పాయింట్ ఒకటి నాలుగుతో గుణించి మోసేది. ఇంజనీరు ప్రోగ్రాం ఎక్కించాక మిషన్ నేరుగా యూరియా మొత్తమే చెప్పటం మొదలుపెట్టింది. ఆ సంగతి బండికి ఎవరూ చెప్పలేదు. ఇదంతా బెన్హర్ చెప్పబోయేసరికి శేషమ్మే అందుకుంది.

"ఇంతకాలం మిషను తల తీసిన రొయ్య బరువు చెప్తా ఉండింది. నీ బండి తల కలిపి చెప్పేది. ఈ పొద్దు మిషనే తలతో చెప్పింది. నువ్వు దాని మీద ఇంకో తల పెట్టినావు. రెండు తలల రొయ్యని ఎప్పుడన్నా చూసినావా నాయనా?"

బెన్హర్ చూడలేదన్నాడు. పట్టికలో ఆ గుణకాన్ని ఒకటి చేశాడు. అంతవరకూ తప్పు పోయినవి పదిహేడు. శేషమ్మ, భానుప్రియ కూర్చుని ఆ పదిహేడింటికీ చీటీల్లోని సరైన అంకెలు వేసి, నంబర్ల చివర ఆచారం ప్రకారం 'ఆర్' కొట్టి, మూడు గంటల బండి ఎక్కించారు. ఇలాంటప్పుడు వార్డులకు ఫోన్ చేసి నోటితో కూడా చెప్పాలి. ఆ సంగతి శేషమ్మకు తెలియక కాదు, కొత్తవాళ్ళకు ఆ పాఠం చెప్పేదే ఆమె. కానీ పదిహేడు ఫోన్లు. బండి ఎక్కించాం కదా అనుకుంది. టీ తెప్పించుకుంది. ముప్పై ఏళ్ళలో ఆమె తాగిన టీలన్నిటిలోనూ ఆమె క్షమించుకోలేనిది అదొక్కటే.

మూడూ ఇరవైకి పై అంతస్తు నర్సు సాయిలక్ష్మి ఫోన్ చేసింది. ముత్యాలయ్యకు ఆరింటికి మళ్ళీ రక్తం తీసి పంపుతాం, యూరియా తొందరగా చూసి పెట్టమంది. ఎందుకని శేషమ్మ అడిగింది.

"తొంభై నాలుగు ఉండాది గదక్కా. ఒంట్లో నీళ్ళు బాగా తగ్గిపోయినాయని డాక్టరుగారు నీళ్ళు బయటికి పోయే టాబ్లెట్ ఆపేసినారు. సెలైన్ పెట్టమన్నారు. ఒక బాటిల్ అయిపోయింది, రెండోది ఎక్కతా ఉండాది."

మూడింటికి సరిచేసింది పంపాం, రాలేదా అంది శేషమ్మ. సాయిలక్ష్మి చూసి చెప్పింది. అక్కడ తొంభై నాలుగే ఉంది. ఇంకేమీ లేదు.

శేషమ్మ ఫోనులోనే బాటిల్ ఆపెయ్యమంది. డాక్టరు చెప్పకుండా నేనెట్టా ఆపేదక్కా అని ఆ పిల్ల భయపడింది. ఆమె భయమూ న్యాయమే. మిగతా పదహారింటికీ వార్డులకు ఫోన్ చెయ్యమని భానుప్రియకు చెప్పి, శేషమ్మ చీటీ చేతబట్టుకుని మెట్లెక్కింది. లిఫ్టు ఉంది, కానీ అది ఆసుపత్రి పెద్దల్లాగే, పిలిచినప్పుడు రాదు. యాభై ఆరేళ్ళ మోకాళ్ళు రెండంతస్తులు ఎక్కాయి. గుండె డప్పు కొడుతోంది. ఈమధ్య ఆ గుండె కూర్చున్నా అలాగే కొట్టుకుంటోంది, అదంతా బెన్హర్ కంప్యూటర్ల చలవేనని ఆమె అందరికీ చెబుతూనే ఉంది.

ముత్యాలయ్య తడ దగ్గర సరస్సు ఒడ్డు మనిషి, వల వేసి బతికేవాడు. గుండె బలహీనమై, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, నాలుగు రోజుల కిందట చేరాడు. నీళ్ళు బయటికి పోయే టాబ్లెట్లతో కోలుకుని, శుక్రవారం ఇంటికెళ్ళాల్సినవాడు. శేషమ్మ వెళ్ళేసరికి మంచం మీద నిటారుగా కూర్చుని, కమ్మీ పట్టుకుని, ఊపిరి కోసం ఎగరొప్పుతున్నాడు. బలహీనమైన గుండెకు నీళ్ళు తోడి పోస్తుంటే అది ఏం చేస్తుంది? మోయలేక ఊపిరితిత్తుల్లోకే వదులుతుంది.

డాక్టర్ గణేష్ పక్క మంచం దగ్గర ఉన్నాడు. శేషమ్మ ఆయన ముక్కు కింద చీటీ పెట్టింది.

"ఈయన యూరియా నలభై నాలుగే సార్. తొంభై నాలుగు కాదు. తప్పు మాది. ముందు బాటిల్ తీసెయ్యండి, తరవాత నన్ను ఎంత తిట్టాలంటే అంత తిట్టండి."

డాక్టర్ తిట్టలేదు. చీటీ చూశాడు, ముత్యాలయ్యను చూశాడు, తనే వెళ్ళి బాటిల్ గొట్టం బిగించాడు. ఆక్సిజన్ పెట్టించి, నీరు లాగే ఇంజెక్షన్ ఇప్పించాడు. ఆయన తప్పు కూడా ఏమంత లేదు. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉండి యూరియా ఒక్కటే పెరిగితే, నీళ్ళ టాబ్లెట్ ఎక్కువై ఒళ్ళు ఎండిందని చదువుకున్న ఏ డాక్టరైనా అనుకుంటాడు. అబద్ధం అంత పద్ధతిగా వచ్చి నిలబడితే ఎవరు పట్టుకుంటారు? తొమ్మిది వందలని వచ్చి ఉంటే అందరూ నవ్వి పారేసేవారు.

శేషమ్మ ఆ మంచం దగ్గరే ఉండిపోయింది. ఆమెకు భయమేసింది. ఆ మాట తరవాత ఆమే చెప్పుకుంది, ముప్పై ఏళ్ళలో మొదటిసారి. గంటన్నరకు ముత్యాలయ్య ఊపిరి దారిన పడింది, మంచం కింద మూత్రం సంచీ నిండింది. మాట వచ్చాక ఈమె ఎవరని నర్సును అడిగాడు. నీ రక్తం చూసిన అమ్మ అని చెప్పింది సాయిలక్ష్మి. తప్పుగా చూసినానన్నా, అంది శేషమ్మ.

ముత్యాలయ్య ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపాడు.

"సరస్సులో ముప్పైసార్లు పడవ తిరగబడింది నాకు. ఎప్పుడూ మునగలేదు. మంచం మీద పండుకోబెట్టి ముంచినారే మీరు" అన్నాడు.

తిట్టుంటే బాగుండేదని శేషమ్మకు అనిపించింది.

కిందికి వచ్చేసరికి బెన్హర్ కంప్యూటర్ ముందు ఉన్నాడు. మూడింటి బండి ఏమైందో వెతుకుతున్నాడు. 'ఆర్' ఏంటక్కా అన్నాడు. శేషమ్మ చెప్పింది. ఏ గొట్టం ఏ రోగిదో బండి తెలుసుకునేది ఆ నంబరుతోనే. చివర 'ఆర్' తగిలిస్తే ఆ నంబరుతో ఆసుపత్రి మొత్తంలో ఏ మనిషీ లేడు. మనిషి దొరకని ఫలితాన్ని బండి పారేయదు. ఒక పక్క పెట్టెలో వేసి, తరవాత ఎవరైనా చూసుకుంటారని ముందుకు పోతుంది. ఆ పెట్టె ఉందని బెన్హర్ ఒక్కడికే తెలుసు. అందులో ఎప్పుడూ ఏమీ ఉండదని అతని నమ్మకం. అతను తెరిచి చూడలేదు, ఆమె అడగలేదు.

తెరిచాడు. రెండు వందల ముప్పై ఒకటి.

ఎనిమిది నెలలుగా ఆ ల్యాబు సరిదిద్దిన ప్రతి తప్పూ అందులో ఉంది. డాక్టర్లకు చేరినవి తప్పులు. పెట్టెలో కూర్చున్నవి ఒప్పులు. శేషమ్మ దొంగబుద్ధితో చేసి ఉంటే ఒక రకం. శ్రద్ధగా, పేరుపేరునా, తన చేత్తో అందరికీ నేర్పి మరీ చేయించింది.

మర్నాడు పొద్దున సూపరింటెండెంట్ పద్మనాభయ్యగారి గదిలో మీటింగు. బిస్కెట్లు వచ్చాయంటే ఎవర్నో ఒకర్ని బలి ఇవ్వబోతున్నారని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఆ రోజు రెండు రకాలు వచ్చాయి. పద్మనాభయ్యగారు అప్పటికే ఒక ఉత్తరం రాయించి పెట్టారు, తప్పంతా సర్వీసు ఇంజనీరుదని. చెన్నైలో ఉన్నవాడి మీద వేస్తే ఇక్కడెవరికీ నొప్పి ఉండదు. అందరూ తలలూపారు. సంతకం చేయమని కాగితం శేషమ్మ ముందుకు తోశారు. ఆమె చేయనంది.

"రెట్టింపు చేసింది ఆ అబ్బయ్య సార్, నిజమే. అది రెండున్నర గంటల తప్పు. దాన్ని సరిచేసినాక కూడా డాక్టరుకి చేరకుండా ఆపింది నేను. ఎనిమిది నెలలు. ఆ ఆర్ అక్షరం నాది. అది కూడా రాయండి."

పద్మనాభయ్యగారికి నిజం విన్నప్పుడల్లా దగ్గు వస్తుంది. దగ్గారు. రాస్తే ఉద్యోగానికే మోసం రావచ్చని మెల్లగా చెప్పారు. రానివ్వండి అంది శేషమ్మ. ఆ పెట్టె తనదని బెన్హర్ కూడా నోరు విప్పాడు. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. శేషమ్మ తన మెమోను మడిచి ల్యాబులో కదులుతున్న స్టూలు కాలి కింద పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది, స్టూలు కదలటం లేదు.

తరవాత వారం బండి పద్ధతి మారింది. అదే నంబరు, అదే అంకె వస్తే డూప్లికేట్, వదిలేస్తుంది. అదే నంబరు మీద 'సవరణ' అని ల్యాబు గుర్తు పెట్టి పంపితే వదలదు. పాత అంకెను చెరపకుండా గీత కొట్టి, దాని పక్కన కొత్తది, ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసి, ఆ డాక్టర్ చూశానని నొక్కేదాకా ఆయన తెర మీద ఎర్రగా కూర్చుంటుంది. మిషన్‌ను ఎవరు ముట్టుకున్నా, అంకె ముందే తెలిసిన నమూనా ఒకటి నడిపి, అది డాక్టరు తెర మీద అదే అంకెగా దిగాకే రోగుల రక్తం పెట్టాలి. పక్క పెట్టెను పొద్దున్నే ల్యాబు, కంప్యూటర్ వాళ్ళు కలిసి తెరవాలి. 'ఆర్' కొట్టినవాళ్ళ వేలు విరిచేస్తానని శేషమ్మ గోడమీద కాగితం అంటించింది. సూపరింటెండెంటుగారు దాన్ని పీకించి, మర్యాదగా ఇంకోటి అంటించారు. దాన్ని ఎవరూ చదవరు.

మిగిలింది ఆ రెండు వందల ముప్పై ఒకటి. వాటిని ఒక్కొక్కటిగా మనుషులకు జతచేసి, సవరణగా పంపి, డాక్టరుకు చెప్పి, అవసరమైనవాళ్ళకు ఫోన్ చేసి పిలిపించాలి. శేషమ్మ తనే కూర్చుంది. చాలావరకు చిల్లర తేడాలు, ఎవరికీ ఏమీ కాలేదు. నాయుడుపేట రాఘవమ్మను పిలిపించి చక్కెర మందు తగ్గించాల్సి వచ్చింది. ఆమె వచ్చి, ఇన్నాళ్ళు కళ్ళు తిరిగింది ఇందుకా అని అడిగింది. శేషమ్మ అవునంది, చేతులు జోడించింది. పోలేరమ్మ తల్లి చల్లగా చూసింది, ఆ పెట్టెలో చావు లేదు. ప్రతి పేరూ తెరిచేటప్పుడు మాత్రం ఆమె ఊపిరి బిగబట్టేది.

పదకొండో రోజు నూట తొంభై ఆరో పేరు తెరిచి, అలాగే ఉండిపోయింది. భానుప్రియ వెనకనుంచి వచ్చి చూసింది. పేరు: కె. వెంకటశేషమ్మ, సిబ్బంది.

ఐదు నెలల కిందట సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు చేసినప్పుడు ఆమె థైరాయిడ్ పరీక్ష పదకొండు దాటి వచ్చింది. గొట్టంలో బుడగ చూసి భానుప్రియ అదే రక్తం మళ్ళీ నడిపితే మూడున్నర వచ్చింది, మామూలే. భానుప్రియ తనకు నేర్పినట్టే బుద్ధిగా 'ఆర్' కొట్టి పంపింది, ఆ సాయంత్రమే మరిచిపోయింది. డాక్టరు పదకొండే చూసి టాబ్లెట్ రాశాడు. రెండు నెలలకు మళ్ళీ పరీక్ష చేయించుకోమంటే, నాకే చెప్తున్నాడా అని శేషమ్మ వెళ్ళలేదు. ఊరందరి అంకెల్నీ 'తలతోనా, తల తీసినాకనా' అని నిలదీసిన మనిషి తన అంకెను మాత్రం ఏమీ అడగలేదు. ఐదు నెలలుగా పొద్దున్నే పరగడుపున టాబ్లెట్ మింగి, గంటసేపు కాఫీ లేకుండా ప్రపంచాన్ని తిట్టుకుంటూ కూర్చుంది. గుండె దడా, చేతుల వణుకూ, నిద్ర పట్టకపోవటమూ, అన్నీ బెన్హర్ ఖాతాలో వేసింది.

భానుప్రియ ఏడుపు మొహం పెట్టింది. "నువ్వు చెప్పినట్టే చేసినానక్కా" అంది.

"అదే గదా నా బాధ" అంది శేషమ్మ.

తన పేరు జతచేసింది. కారణం అన్నచోట 'గొట్టంలో బుడగ' అని రాసింది. సవరణ గుర్తు పెట్టింది. పదకొండూ ముప్పై బండి ఎక్కించి, ఈసారి టీ తెప్పించుకోకుండా, పై అంతస్తుకు ఫోన్ చేసి నోటితో కూడా చెప్పింది. డాక్టర్ గణేష్ ఆ రోజు నుంచే టాబ్లెట్ ఆపమని, ఆరు వారాలకు మళ్ళీ రక్తం ఇమ్మని, ఈసారి నిజంగా ఇమ్మని చెప్పాడు. ఇన్నాళ్ళ దడకూ చిరాకుకూ ఆ మందే కారణం అయ్యుండొచ్చన్నాడు. పక్కనే ఉన్న బెన్హర్ అంతా విన్నాడు.

"అయితే నాయనా, ఆ టాబ్లెట్ మానేస్తే నా నోరు తగ్గుద్దంటావా?" అని అడిగింది శేషమ్మ.

బెన్హర్ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. అతనెప్పుడూ లెక్క తప్పు చెప్పే మనిషి కాదు. "టాబ్లెట్ వేసుకున్నది ఐదు నెలలేగదక్కా" అన్నాడు.

తెర మీద ఆమె పేరు కింద పదకొండు మీద గీత పడి, పక్కన మూడున్నర దిగింది. శేషమ్మ దాన్ని కాసేపు చూసింది. తరవాత నూట తొంభై ఏడో పేరు తెరిచి, ఊపిరి బిగబట్టింది.